వాల్యూమ్ లేని షేరులో 40,000 అమ్మాలి: స్లిప్పేజ్ ఎంత పడుతుందో ముందే ఎలా లెక్కేయాలి?

మాధవి_ఎస్ · సోమవారం ఉదయం

నమస్కారం అందరికీ. ఒక చిన్న కంపెనీ షేర్లు నా దగ్గర 40,000 ఉన్నాయి. మూడేళ్లుగా దొరికినప్పుడల్లా కొద్దికొద్దిగా కొన్నవి. కొనేటప్పుడు ఆలోచించలేదు గానీ, ఇప్పుడు అమ్మాలంటే భయమేస్తోంది, ఎందుకంటే అందులో కొనేవాళ్లు చాలా తక్కువ. శుక్రవారం క్లోజింగ్ 203 చూసి అమ్మేద్దామని నిర్ణయించుకున్నాను. ఇవాళ చూస్తే ఆస్క్ 200.40, బిడ్ వైపు ఐదు మెట్లు ఇలా ఉన్నాయి:

```
199.60     900
199.40     600
199.00    1500
198.20    2000
197.00    3000
```

మొత్తం 8,000. స్ప్రెడ్‌షీట్‌లో `=SUMPRODUCT(A2:A6,B2:B6)/SUM(B2:B6)` వేస్తే సగటు 198.15 వచ్చింది. మధ్య ధర 200 కదా, అంటే 0.93 శాతం తక్కువ. 8,000కే ఇంత అయితే 40,000కి ఐదింతలు, 4.6 శాతం అనుకోవాలా? లేక రోజుకు సగటున లక్ష షేర్లు చేతులు మారుతున్నాయని యాప్ చూపిస్తోంది కాబట్టి అంత భయం అక్కర్లేదా? అమ్మడం మొదలుపెట్టే ముందు నాకో అంకె కావాలి. ఎంత పోతుందో తెలిస్తే, అమ్మాలో వద్దో అప్పుడు చూసుకుంటాను.

లిమిట్_రాజా · సోమవారం ఉదయం

ఇంత లెక్క దేనికండీ? 200 దగ్గర లిమిట్ ఆర్డర్ పెట్టి వదిలేయండి. స్లిప్పేజ్ సున్నా. పదేళ్లుగా నేను చేస్తున్నది ఇదే. మార్కెట్ ఆర్డర్ కొట్టేవాళ్లకే ఈ బాధలన్నీ.

పాత_డెస్క్ · సోమవారం ఉదయం

రాజా గారూ, మీరు చెప్పింది సగం నిజం. అమ్ముడైన షేర్ల మీద స్లిప్పేజ్ సున్నానే. మరి అమ్ముడుపోని వాటి సంగతి? 40,000 పెడితే 2,500 పోయి, ధర 190కి దిగిందనుకోండి. మిగిలిన 37,500 మీద పదేసి చొప్పున పోయింది. అది మీ ఖాతా రిపోర్టులో ఎక్కడా కనిపించదు, అందుకే మీకు సున్నా అనిపిస్తోంది. పైగా పలచటి బుక్‌లో 40,000 అమ్మకం ఆర్డర్ కనిపించేలా పెడితే, కొనాలనుకున్నవాడు కూడా ఆగుతాడు. ఇంత సరుకు పైన వేలాడుతుంటే తొందరేముందని అనుకుంటాడు.

నేను చాలాకాలం ఒక ఎగ్జిక్యూషన్ డెస్క్‌లో పనిచేశాను. ఇలాంటి లెక్కలు రోజూ వేసేవాళ్లం. మాధవి గారూ, మీ ప్రశ్నకు జవాబు ఇవ్వాలంటే రెండు సంగతులు కావాలి. గత 20 రోజుల వాల్యూమ్ రోజువారీగా పెట్టండి. సగటు వద్దు, విడివిడి అంకెలే కావాలి. అలాగే షేరు రోజుకు మామూలుగా ఎంత శాతం కదులుతుందో చెప్పండి.

ట్రెండ్_వేటగాడు · సోమవారం మధ్యాహ్నం

నాకూ ఇదే సమస్య. స్టాప్ లాస్ 150 దగ్గర పెడితే 146లో అమ్ముడైంది. గ్యాప్ డౌన్‌లో తెరుచుకుంది. బ్రోకర్‌ని అడిగితే అది మామూలే అంటాడు. స్టాప్ లాస్ కాస్త పైన పెడితే సరిపోతుందా మాధవి గారూ?

పాత_డెస్క్ · సోమవారం మధ్యాహ్నం

తమ్ముడూ, నీది వేరే జబ్బు. నీ ఆర్డర్ మార్కెట్‌కి చేరేలోపే ధర దూకేసింది. అందులో నీ పరిమాణం పాత్ర లేదు, పది షేర్లున్నా 146కే పోయేవి. ఇక్కడ ధరను కిందికి తోసేది మాధవి గారి సరుకే. దానికి విడిగా థ్రెడ్ పెట్టు, అక్కడ మాట్లాడదాం.

మాధవి_ఎస్ · సోమవారం మధ్యాహ్నం

రోజు కదలిక మూడు శాతం దగ్గర వస్తోంది, మూడు నెలల రోజువారీ మార్పుల స్టాండర్డ్ డీవియేషన్ తీశాను. వాల్యూమ్ చూస్తే ఆశ్చర్యమేసింది. 20 రోజుల్లో 19 రోజులు 40 వేల నుంచి 60 వేల మధ్యే ఉంది. మిగిలిన ఒక్క రోజు 10,50,000!

పాత_డెస్క్ · సోమవారం మధ్యాహ్నం

నా అనుమానం అదే. ఆ రోజు ఎవరో ఇద్దరు పెద్దవాళ్లు మాట్లాడుకుని పది లక్షలు మార్చుకున్నారు. మీకు అక్కరకొచ్చే కొనుగోలుదార్లు అందులో లేరు. మిగతా 19 రోజులు సుమారు 50 వేల చొప్పున వేస్తే 9,50,000. ఆ ఒక్క రోజు కలిపితే 20,00,000, ఇరవైతో భాగిస్తే సరిగ్గా మీ యాప్ చూపించే లక్ష. ఒక్క రోజు అంకె సగటును రెట్టింపు చేసింది. అందుకే `=AVERAGE` కాదు, `=MEDIAN` వేయాలి. మీ అసలు రోజు వాల్యూమ్ 50,000. మీరు అమ్మాలనుకునేది ఒక రోజు వాల్యూమ్‌లో 40 శాతం కాదు, 80 శాతం. నేను చూసిన తప్పుడు అంచనాల్లో ఎక్కువ భాగం ఫార్ములా వల్ల రాలేదు. ఇలా వాల్యూమ్ తప్పుగా తీసుకోవడం వల్లే వచ్చాయి.

ఇక ఐదింతలు చేయాలా అన్నారు. వద్దు. పరిమాణం పెరిగినంతగా శాతం పెరగదు, దాని వర్గమూలం లెక్కన పెరుగుతుంది. డెస్కుల్లో వాడే మోటు లెక్క ఇది:

```
cost% = spread%/2 + Y × sigma% × sqrt(Q/V)
```

`Q` మీరు అమ్మేది, `V` రోజు వాల్యూమ్, `sigma` రోజు కదలిక. `Y` మార్కెట్‌ని బట్టి కుదుర్చుకునే గుణకం. మీ దగ్గర సొంత డేటా లేకపోతే 1తో మొదలుపెట్టండి. మీ స్ప్రెడ్ 0.80, అంటే 0.40 శాతం, అందులో సగం 0.20. 40,000ని 50,000తో భాగిస్తే 0.8, దాని వర్గమూలం 0.894, దాన్ని 3తో గుణిస్తే 2.68. మొత్తం 2.9 శాతం దగ్గర. సగటున 194.20కి అమ్ముతారన్నమాట. యాప్ చెప్పిన లక్ష పెట్టి ఉంటే 2.1 అని వచ్చేది.

మాధవి_ఎస్ · సోమవారం సాయంత్రం

అర్థమైంది గానీ, వర్గమూలం ఎందుకు? నాలుగింతలు అమ్మితే శాతం రెండింతలే అవుతుందంటే నమ్మబుద్ధి కావడం లేదు. బుక్ చూస్తే కింద కొనేవాళ్లే లేరు.

పాత_డెస్క్ · సోమవారం సాయంత్రం

బుక్‌లో కనిపించేది ఇప్పుడు చేతులెత్తినవాళ్లు మాత్రమే. 195కి వస్తే కొందాం, 190కి వస్తే ఇంకా కొందాం అనుకునేవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లెవరూ ముందుగా ఆర్డర్ పెట్టి తమ ఉద్దేశం బయటపెట్టుకోరు. ధర దిగేకొద్దీ ఒక్కొక్కరూ బయటికొస్తారు. అంటే ప్రస్తుత ధరకు దూరం పోయేకొద్దీ కొనేవాళ్లు చిక్కబడతారు. మొదటి వెయ్యి షేర్లు ధరను ఎంత తోస్తాయో, ముప్పయ్యో వెయ్యి అంత తోయదు. అయితే వాళ్లు బయటికి రావడానికి టైమ్ పడుతుంది. 40,000 ఒక్క నిమిషంలో కుమ్మరిస్తే ఈ లెక్క చెల్లదు, అప్పుడు కనిపించే బుక్కే దిక్కు, అందులో ఉన్నది 8,000.

సిగ్మా_సుబ్బు · సోమవారం రాత్రి

పాత_డెస్క్ గారి లెక్కతో నాకు పెద్ద పేచీ లేదు, ఒక్కచోట తప్ప. ఆ 2.68 అనేది ఆఖరి షేరు అమ్మేసరికి ధర ఎంత దిగుతుందో చెప్పే అంకెనా, లేక అన్ని షేర్ల సగటు నష్టమా? ఈ రెండూ ఒకటి కావు. ధర వర్గమూలం దారిలోనే దిగుతూ వెళ్తే, సగటు నష్టం ఆఖరి దిగుడులో మూడింట రెండొంతులు ఉంటుంది. 2.68లో రెండొంతులు 1.79, స్ప్రెడ్ సగం కలిపితే 2.0 శాతం. అంటే మాధవి గారికి 196 రావాలి, 194.20 కాదు.

మాధవి గారి బుక్‌తోనే పోల్చి చూడండి. 8,000కి ఫార్ములా చెప్పేది: 0.16 వర్గమూలం 0.4, మూడుతో గుణిస్తే 1.2, స్ప్రెడ్ సగంతో 1.4 శాతం. బుక్‌లో సగటు నష్టం 0.93, ఆఖరి మెట్టు 197 అంటే 1.5. ఫార్ములా ఏ అంకెకి దగ్గరగా ఉందో చూడండి.

పాత_డెస్క్ · సోమవారం రాత్రి

సుబ్బు గారూ, ఒక్క క్షణం బుక్ ఫొటో తీసి దాంతో ఫార్ములాని తూకం వేయడం నాకు నచ్చదు. ఆ 3,000 షేర్ల బిడ్ మొదటి అమ్మకం పడగానే మాయం కావచ్చు. మేం `Y` కుదుర్చుకున్నది మా సొంత ఆర్డర్ల సగటు నష్టంతో, కాబట్టి మా 1 సగటుకే. మరొకరి 1 ఆఖరి ధరకు కావచ్చు. ఎవరి `Y` అయినా అరువు తెచ్చుకునే ముందు అది దేనిమీద కొలిచిందో అడగాలి, అంతవరకు మీ మాట ఒప్పుకుంటాను.

సిగ్మా_సుబ్బు · సోమవారం రాత్రి

సరే, అయితే 2.0 నుంచి 2.9 మధ్య అనుకుందాం. ఇంకో మాట: వర్గమూలం అంటే 0.5 ఘాతం. 2005లో ఆల్మ్‌గ్రెన్, మరికొందరు కలిసి నిజమైన ఆర్డర్ల డేటా మీద కొలిస్తే 0.6 దగ్గర వచ్చింది. వాళ్ల ఫార్ములా రూపం కొంచెం వేరు లెండి. కానీ మాధవి గారి విషయంలో `Q/V` 0.8 కాబట్టి ఏ ఘాతం వేసినా పెద్ద తేడా లేదు, 2.68 కాస్తా 2.62 అవుతుంది. ఘాతం గురించి కొట్టుకునే ఓపిక ఉంటే `V` గురించి కొట్టుకోవడం మేలు.

కొలను_చేప · సోమవారం రాత్రి

మీరంతా ఇంత కష్టపడుతున్నారు, మా క్రిప్టో పూల్స్‌లో అయితే స్లిప్పేజ్ పైసాతో సహా ముందే తెలుస్తుంది. పూల్‌లో పది లక్షల టోకెన్లున్నాయి, నేను 50,000 అమ్మాను. `x*y=k` పూల్ కాబట్టి ఫీజు వదిలేస్తే నష్టం 50,000 బై 10,50,000, అంటే 4.76 శాతం. అంచనా కాదు, ఖచ్చితమైన లెక్క. అయినా నాకు దానిపైన ఇంకో ఐదున్నర దాకా పడింది. టాలరెన్స్ 6 శాతం పెట్టానులెండి, ఎందుకైనా మంచిదని.

సిగ్మా_సుబ్బు · సోమవారం రాత్రి

ఆ 6 శాతమే మిమ్మల్ని ముంచింది. మీ లావాదేవీ క్యూలో ఉండగా ఎవడో చూసి, మీకంటే ముందు తను అమ్మి ధర దించి, మీరు అమ్మాక కింద మళ్లీ కొనుక్కున్నాడు. మీరు ఎంతవరకు ఓర్చుకుంటారో మీరే రాసి పెట్టారు, దాదాపు అంతవరకు తీసుకున్నాడు. పూల్ లెక్క ఖచ్చితమే, మీకంటే ముందు ఇంకెవరూ దూరకపోతే. అన్నట్టు, మీరు అమ్మాక పూల్‌లో ధర దిగింది 4.76 కాదు, 9.3 శాతం. సగటు వేరు, ఆఖరి ధర వేరు. నేను పైన మొత్తుకున్నది ఇదే.

బాండ్ల_భాస్కర్ · మంగళవారం ఉదయం

మీకు కనీసం బుక్ ఉంది. మా కార్పొరేట్ బాండ్లలో అదీ లేదు. డీలర్లకి ఫోన్ చేసి ధర అడగాలి. నేను కొత్తలో మంచి ధర దొరుకుతుందని ఒకే బాండుకి తొమ్మిదిమందిని అడిగాను. పెద్ద సరుకు బయటికొస్తోందని పది నిమిషాల్లో అందరికీ తెలిసిపోయింది. మొదట 98 అన్నవాడే తిరిగి చేస్తే 97 అన్నాడు. ఒక్క బాండు అమ్మకుండానే ఒక పాయింటు స్లిప్పేజ్! ఇప్పుడు ఇద్దరు ముగ్గురిని మించి అడగను. మాధవి గారూ, ఈ షేరు గురించి ఎక్కడా పేరు చెప్పకండి, ఇక్కడ కూడా.

మాధవి_ఎస్ · మంగళవారం ఉదయం

చెప్పనండీ, థాంక్స్. ఇప్పుడు నా ప్రశ్న: ఎన్ని రోజులు సాగదీయాలి? రోజుకు వెయ్యి చొప్పున 40 రోజులు అమ్మితే స్లిప్పేజ్ అసలు పడకపోవచ్చు కదా?

పాత_డెస్క్ · మంగళవారం ఉదయం

పడుతుంది. మీరు రోజూ అదేవైపు అమ్ముతుంటే చూసేవాళ్లకి అర్థమైపోతుంది. ఈ వర్గమూలం లెక్కలో విచిత్రం ఏమిటంటే, ఎన్ని రోజులు తీసుకున్నారన్నది అందులో లేనే లేదు. ఒక హద్దు దాటి తొందరపడనంతవరకు, మొత్తం ఎంత అమ్మారన్నదే ముఖ్యం. సాగదీస్తే కొంత తగ్గొచ్చు, కానీ దానికి బదులుగా ఇంకోటి నెత్తిన పడుతుంది. అమ్మేలోపు ధర దానంతటది ఎటైనా పోవచ్చు.

రోజు వాల్యూమ్‌లో ఐదోవంతు మీరు అమ్మితే రోజుకు 10,000, నాలుగు రోజుల పని. సమానంగా అమ్ముతూ పోతే ఆ నాలుగు రోజుల్లో మీ సగటు ధర అటూ ఇటూ ఊగే మోతాదు `sigma × sqrt(T/3)`, అంటే సుమారు 3.5 శాతం. పదోవంతు చొప్పున ఎనిమిది రోజులు అమ్మితే 4.9 శాతం. మీ 40 రోజులకైతే దాదాపు 11 అవుతుంది. రెండున్నర శాతం ఖర్చు తప్పించుకోవడానికి 11 శాతం ఊగిసలాట నెత్తికెత్తుకోవడం తెలివైన బేరం కాదు, మీకు ఆ షేరు మీద ఇంకా నమ్మకం ఉంటే తప్ప. నమ్మకం ఉంటే అమ్మడం దేనికి?

నేనైతే నాలుగైదు రోజులు పెట్టుకుంటాను. మొదలుపెట్టేముందు చిన్న పరీక్ష చేయండి. మొదటి బిడ్ మీద 500 అమ్మి, చేతులు కట్టుకుని బుక్ చూడండి. ఆ 199.60 దగ్గర మళ్లీ షేర్లు ఎంతసేపట్లో నిండుతాయో గడియారం పెట్టుకుని చూడండి. అర నిమిషంలో నిండితే వెనక ఎవరో ఉన్నారు. పది నిమిషాలైనా నిండకుండా, పైగా కింది మెట్లు కూడా పలచబడితే, మీ అంచనాలో పై అంకె నమ్మండి.

లిమిట్_రాజా · మంగళవారం మధ్యాహ్నం

ఇంత చేసీ చివరికి "2.0 నుంచి 2.9, అటూ ఇటూ 3.5" అంటే అది అంచనా ఎలా అవుతుందండీ? జాతకం చెప్పినట్టుంది.

పాత_డెస్క్ · మంగళవారం మధ్యాహ్నం

నవ్వొచ్చింది గానీ తేడా ఉంది రాజా గారూ. ఊగిసలాట పైకైనా పోవచ్చు, కిందికైనా పోవచ్చు. స్లిప్పేజ్ మాత్రం ఎప్పుడూ కిందికే. ఇలాంటివి వంద ఆర్డర్లు చేస్తే ఊగిసలాటలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, ఆ రెండున్నర మిగిలిపోతుంది.

ఈ లెక్క చెల్లని చోటు కూడా చెప్తాను. `Q` రోజు వాల్యూమ్‌కి పది పదిహేను రెట్లు ఉంటే ఫార్ములా ఏదో అంకె ఇస్తుంది, దాన్ని నమ్మకండి. 2006లో అమరాంత్ అనే హెడ్జ్ ఫండ్ నేచురల్ గ్యాస్ ఫ్యూచర్స్‌లో అలాగే ఇరుక్కుంది. అవతలివాళ్లకి వీళ్లు అమ్మక తప్పదని తెలిసిపోయింది. చివరికి పుస్తకం మొత్తం వేరేవాళ్లకి అప్పగించాల్సి వచ్చింది, ఆరు వందల కోట్ల డాలర్లకు పైనే పోయింది. అక్కడ వర్గమూలం ఏమీ చెప్పలేదు.

మాధవి_ఎస్ · గురువారం సాయంత్రం

రెండు రోజులు అమ్మాను. ముందుగా 500 పరీక్ష: నిన్న ఉదయం మధ్య ధర మళ్లీ 200 దగ్గరే తెరుచుకుంది. 199.60లో 500 అమ్మాను. నాలుగు నిమిషాలు ఏమీ కాలేదు, తర్వాత 700 వచ్చి చేరాయి, కానీ 199.50 దగ్గర. సరే అని మొదలుపెట్టాను. నిన్న మొత్తం 9,000, సగటు 197.30. ఇవాళ 8,000, సగటు 196.70. నిన్న నేను అమ్ముతుంటే మధ్యాహ్నానికి 196 దాకా దిగింది, టెన్షన్ వచ్చి గంటసేపు ఆపేశాను, మళ్లీ 197కి వచ్చింది.

మొత్తం 17,000కి సగటు 197.02. 200తో పోలిస్తే 1.49 శాతం. ఫార్ములాలో 0.34 వర్గమూలం వేస్తే స్ప్రెడ్‌తో కలిపి 1.95 రావాలి. అంటే నా `Y` 1 కాదు, 0.74. బాగా అమ్మినట్టే కదా?

సిగ్మా_సుబ్బు · గురువారం సాయంత్రం

ఆ రెండు రోజుల్లో మార్కెట్ మొత్తం ఎటు పోయింది?

మాధవి_ఎస్ · గురువారం సాయంత్రం

కొద్దిగా పెరిగింది. నేను అమ్మిన టైమ్‌లకి సగటు తీస్తే 0.4 శాతం దాకా పైన ఉంది.

సిగ్మా_సుబ్బు · గురువారం రాత్రి

మరి ఆ 0.4 మీ గొప్ప కాదు. మీరు అమ్మకపోతే ఈ షేరు కూడా ఆ మాత్రం పెరిగేదనుకుంటే, స్ప్రెడ్ సగం తీసేశాక మీ అమ్మకం వల్ల పడిన దిగుడు, అంటే మీ ఇంపాక్ట్, 1.29 కాదు, 1.69. దాన్ని 1.75తో భాగిస్తే `Y` 0.97. పాత_డెస్క్ గారి 1కి దగ్గరగా వచ్చింది, ఆయన పండగ చేసుకోవచ్చు.

పాత_డెస్క్ · గురువారం రాత్రి

చేసుకోను. రెండు రోజుల అమ్మకంలో ఊగిసలాటే 2.4 శాతం ఉంటుంది. ఆ రొదలో 1.69 అనే అంకె 0.5 అయి ఉన్నా, 3 అయి ఉన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఒక్క ఆర్డర్‌తో `Y` తేలదు. నాకు నచ్చిన సాక్ష్యం వేరు. మీరు గంటసేపు ఆపితే 196 నుంచి 197కి తిరిగొచ్చింది చూడండి, ఆ దిగుడులో కొంత ఖచ్చితంగా మీదే.

ఇంకో లెక్క కూడా రాసుకోండి. మీరు అమ్మాలనుకున్నప్పుడు ధర 203. దాంతో పోలిస్తే మీకు పోయింది 2.95 శాతం. అందులో సగం, ఒక్క షేరు కూడా అమ్మకముందే పోయింది. 1988లో పెరోల్డ్ దీనికి ఇంప్లిమెంటేషన్ షార్ట్‌ఫాల్ అని పేరు పెట్టాడు. నిర్ణయం తీసుకున్న క్షణం నుంచి కొలవమన్నాడు. 200 నుంచి కొలిస్తే మీరు అమ్మిన తీరు తెలుస్తుంది, 203 నుంచి కొలిస్తే మీకు నిజంగా ఎంత పడిందో తెలుస్తుంది. రెండూ కావాలి.

మాధవి_ఎస్ · శుక్రవారం ఉదయం

ఇప్పుడే ఒక సంగతి జరిగింది. మిగిలిన 23,000 మొత్తం ఒకరు ఒకేసారి తీసుకుంటామని బ్రోకర్ ద్వారా కబురు పెట్టారు, 193కి. ప్రస్తుతం మధ్య ధర 198.60. దాదాపు 2.8 శాతం తక్కువ. ఇవ్వనా, మానుకోనా? మధ్యాహ్నం లోపు చెప్పాలట.

సిగ్మా_సుబ్బు · శుక్రవారం ఉదయం

వద్దంటాను. 23,000ని కొత్త ఆర్డర్‌గా లెక్కేయండి. 0.46 వర్గమూలం 0.678, మూడుతో గుణిస్తే 2.03, స్ప్రెడ్ సగం కలిపితే 2.23 శాతం. 198.60 నుంచి తీసేస్తే 194.15. మీరే అమ్ముకుంటే సగటున 1.15 ఎక్కువ వస్తుంది. ఇక్కడ పాత_డెస్క్ గారి సగటు లెక్కే వాడాను, నా లెక్క అయితే ఇంకా ఎక్కువ.

పాత_డెస్క్ · శుక్రవారం ఉదయం

సుబ్బు గారూ, కొత్త ఆర్డర్ అని మీరంటున్నారు. మార్కెట్ అలా అనుకుంటుందా? రెండు రోజులుగా ఎవరో అమ్ముతున్నారని వాళ్లకి తెలుసు, కనుకనే 23,000కి కబురొచ్చింది. మొత్తం 40,000 ఒకే ఆర్డర్ అనుకుని, 200 దగ్గర్నుంచే లెక్కేసి, మొదటి 17,000 వంతు తీసేస్తే, మిగిలిన 23,000కి 3.57 శాతం పడుతుంది. అంటే 192.85. వాళ్లిచ్చేది 193. మూడు రోజుల ఊగిసలాట కూడా తప్పుతుంది.

సిగ్మా_సుబ్బు · శుక్రవారం ఉదయం

నిన్న 196.70 సగటుకి అమ్మినది ఇవాళ 198.60కి తేరుకుంది కదా! మీ ఇంపాక్ట్ చాలావరకు చెరిగిపోయినట్టే. ఇంకా 200 పట్టుకుని వేలాడటం దేనికి?

పాత_డెస్క్ · శుక్రవారం ఉదయం

ఆ కబురు పెట్టినవాళ్లే ఉదయం నుంచి కొంచెం కొంచెం కొని ధర లేపారేమో ఎవరికి తెలుసు? ఇంపాక్ట్ ఎంత చెరిగింది, ఎంత మిగిలింది అన్నది ఒక్క రాత్రిలో తేలే విషయం కాదు. మాధవి గారూ, ఇవాళ ఇప్పటిదాకా ఎంత వాల్యూమ్ అయింది? అందులో ఆస్క్ మీద కొట్టినవి ఎన్ని?

బాండ్ల_భాస్కర్ · శుక్రవారం ఉదయం

193.80 అడిగి చూడండి. మొదట చెప్పిన ధర ఎప్పుడూ ఆఖరి ధర కాదు.

మాధవి_ఎస్ · శుక్రవారం మధ్యాహ్నం

ఇప్పటిదాకా 14,000 అయింది. అందులో దాదాపు 11,000 ఆస్క్ మీదే, అన్నీ చిన్న చిన్న ముక్కలు. 193.80 అడిగాను. సగం ఇవ్వండి, మిగతా సగం సోమవారం మాట్లాడదాం అంటున్నారు.